ఫస్ట్ కాపీ బూట్లు: గుర్తించే పద్ధతి

నకిలీ స్పోర్ట్స్ షూల్లో రెండు జాతులున్నాయి. మొదటిది పేరు మార్చుకుని తిరిగే జాతి: అడిడాస్ అనాల్సిన చోట అబిబాస్, ప్యూమా అనాల్సిన చోట పామా. అక్షరాలు కూడబలుక్కోగలిగినవాళ్లకి వీటితో ప్రమాదం లేదు. రెండో జాతి స్పెల్లింగు తప్పు రాయదు. అసలు చిక్కంతా దానితోనే.

ఫుట్‌పాత్ మీద అమ్మేవాడు ఈ విషయంలో చాలావరకు సత్యవాది. "కాపీయే సార్, కానీ ఫస్ట్ కాపీ" అని ముందే చెబుతాడు. సెకండ్ కాపీ ఎక్కడుంటుందని అడిగితే పక్క బండి చూపిస్తాడు. జాగ్రత్త పడాల్సింది "ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్" అనేవాడితో. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన సరుకంటూ అన్ని సైజులూ, అన్ని రంగులూ, ఏడాది పొడుగునా అతని దగ్గర మిగులుతూనే ఉంటాయి.

ఉదాహరణకి నైకీ ఎయిర్ ఫోర్స్ 1, తెలుపు రంగుది తీసుకోవచ్చు. బ్రూస్ కిల్గోర్ 1982లో బాస్కెట్‌బాల్ కోసం గీసిన ఈ బూటు ఇప్పుడు ఎక్కువగా పెళ్లి సంగీత్‌లలో ఆడుతోంది. ఒంటినిండా తెలుపే కాబట్టి పైపైన కాపీ కొట్టడం తేలిక. ముందు భాగంలోని గాలి రంధ్రాలు నకిలీలో కొన్ని అవతలి వైపు దాకా పోవు, గుంట పడి ఆగిపోతాయి. మడమ మీది ఎంబ్రాయిడరీలో అక్షరానికీ అక్షరానికీ మధ్య దారం లాగి వదిలేసి ఉంటుంది. అయితే జిగురు మరక కనిపించగానే నకిలీ అని తీర్పు చెప్పేయకూడదు. అసలు కంపెనీ బూట్లకీ జిగురు అంటుకుంటుంది, కుట్టు వంకర పోతుంది. కాబట్టి బూటు కన్నా దాని లేబుల్‌ని ప్రశ్నించడం మేలు.

నాలుక లోపలి వైపున్న చిన్న లేబుల్ మీద CW2288-111 అని ఉంటుంది. గీతకి ముందున్నది మోడల్, తర్వాతది రంగు. ఇక్కడ 111 అంటే తెలుపు మీద తెలుపు. ఇదే కోడ్ పెట్టె మీదా ఉండాలి. సెర్చ్‌లో కొడితే ఇదే బూటు బొమ్మ రావాలి. నల్ల బూటు నాలుక మీద ఈ కోడ్ కనిపిస్తే పరీక్ష అక్కడితో ముగిసినట్టే. కానీ కోడ్ కలిసినంత మాత్రాన సంబరపడనక్కర్లేదు. బూటంతా కాపీ కొట్టినవాడికి తొమ్మిది అక్షరాలూ అంకెలూ కాపీ కొట్టడం ఒక లెక్కా?

అతను తడబడేది సైజుల దగ్గర. నైకీ మగవాళ్ల బూట్లలో యూకే 8 అంటే యూఎస్ 9, యూరప్ 42.5, పొడవు 27 సెంటీమీటర్లు. యూకే 9 అయితే యూఎస్ 10, యూరప్ 44, 28 సెంటీమీటర్లు. నకిలీ లేబుల్లో యూకే 9 పక్కన యూరప్ 43 అని గుండ్రంగా వేసేస్తుంటారు. అలాగని ఈ పట్టిక పట్టుకుని అడిడాస్ దుకాణానికి వెళ్లకూడదు. అక్కడ యూకే 9 అంటే యూరప్ 43, దాని మీద మూడో వంతు. ఆ మూడో వంతు చూసి అసలుదాన్నే దొంగదని తిప్పి పంపే నిపుణులూ ఉన్నారు.

ఇంకో పరీక్షకి కావాల్సింది కాస్త మొహమాటం లేకపోవడం. అదే మోడల్‌లో 8, 9 రెండు పెట్టెలూ తెప్పించి, బార్‌కోడ్ కింద ఉన్న అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కో సైజుకీ ఒక్కో నంబరు ఉంటుంది కాబట్టి రెండూ వేరుగా ఉండాలి. నకిలీ తయారీదారు ఒక్క అసలు పెట్టెని ఫొటో తీసి దాన్నే వందలుగా అచ్చు వేయించుకుంటే అన్ని సైజులకీ ఒకే నంబరు వస్తుంది. పెట్టె లేకుండా కవర్లో పెట్టి ఇచ్చే చోట ఈ పరీక్ష కుదరదు. కుదరాల్సిన అవసరమూ లేదు.

దిగుమతి సరుకు పెట్టె మీద ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉన్న స్టిక్కర్ చట్టప్రకారం ఉండాలి. ఎమ్మార్పీ మీద పెన్నుతో దిద్దితే అది పండగ ఆఫర్ కాదు.

ఆన్‌లైన్‌లో పెట్టె ముందుగా చేతికి రాదు, కంపెనీ సైటు నుంచి ఎత్తిన బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. అక్కడ చూడాల్సింది యాప్ పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే సెల్లర్ పేరు. ఒకే బూటుకి పదిమంది సెల్లర్లు ఉండొచ్చు. రివ్యూల్లో "సూపర్ బ్రో" అన్నవాటిని వదిలేసి, కొన్నవాళ్లు పెట్టిన లేబుల్ ఫొటోలు వెతకాలి. మంచి సెల్లర్ దగ్గర కొన్నా, వేరే కొనుగోలుదారు అసలుది ఉంచుకుని నకిలీని పెట్టెలో పెట్టి వాపసు పంపితే, అది మళ్లీ ఇంకొకరి ఇంటికి చేరే అవకాశం ఉంది. అందుకే పార్సిల్ విప్పేటప్పుడు సీలు నుంచి నాలుక లేబుల్ దాకా ఆపకుండా వీడియో తీయాలి. వాపసు గడువు ముగిసేదాకా ట్యాగు తెంపకూడదు, బయట రోడ్డు మీద నడవకూడదు. సెల్లర్ పలకకపోతే ఆ వీడియోతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.