అన్నీ ఒకటేనండీ!

మన వీధుల్లో ఒక వైద్యశాస్త్రం నడుస్తోంది. దానికి పుస్తకాలు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. తెల్లది జ్వరానికి, రంగుది ఒళ్ళునొప్పులకు, చిన్నది గుండెకు. మెడికల్ షాపుకెళ్ళి "బాబూ, నొప్పి బిళ్ళ ఇవ్వు" అంటే "ఏది కావాలండీ, ఇంకేం మందులు వాడుతున్నారు?" అన్న ప్రశ్న రాదు. కత్తెర వస్తుంది. పట్టీలోంచి నాలుగు మాత్రలు తెగి మన చేతిలో పడతాయి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. పొరపాటున ఎవరైనా అనుమానపడితే ఆశీర్వచనం సిద్ధం: "అన్నీ ఒకటేనండీ, కంపెనీలే వేరు."

ఈ శాస్త్రాన్ని నమ్మిన ఓ పెద్దాయన్ని ఊహించుకుందాం. వయసు అరవై దాటింది, గుండెకు స్టెంట్ వేశారు. రోజూ ఒక ఎకోస్ప్రిన్ 75 వేసుకుంటారు. అది ఆస్పిరిన్ అని ఆయనకు తెలియదు, "రక్తం పల్చబడే బిళ్ళ" అనే తెలుసు. ఆయనకు మోకాళ్ళ నొప్పి. బావమరిది కాంబిఫ్లామ్ బాగా పనిచేస్తుందన్నాడు. అందులో ఐబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయన్నది పట్టీ మీదే అచ్చేసి ఉంది. అచ్చయినదాన్ని చదవడం మన శాస్త్రంలో నిషిద్ధం.

లోపల ఏం జరుగుతుందో చూడండి. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటే గడ్డ కడుతుంది. ఆస్పిరిన్ వాటిలోని ఒక ఎంజైమ్‌కు అంటుకుని, ఆ ప్లేట్‌లెట్ బతికున్నన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, దాన్ని పనిచేయనివ్వదు. కాని ఆస్పిరిన్ రక్తంలో తిరిగేది కాసేపే. ముందే ఐబుప్రోఫెన్ వెళ్ళి ఆ చోటులో కూర్చుంటే ఆస్పిరిన్‌కు సందు దొరకదు. ఐబుప్రోఫెన్ కొన్ని గంటలకు లేచి వెళ్ళిపోతుంది, అప్పటికి ఆస్పిరిన్ కూడా ఉండదు. బిళ్ళ వేసుకున్నామన్న తృప్తి ఉంటుంది, స్టెంట్‌కు కాపలా ఉండదు. పైగా రెండూ కలిసి కడుపు పొరను ఒరుస్తాయి. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతోందేమోనని ఆసుపత్రికి పరుగెత్తాలి. మనవాళ్ళు వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు.

సరే, అది పడలేదని షాపబ్బాయి డైక్లోఫెనాక్ ఇచ్చాడు. వోవెరాన్ అంటే అందరికీ తెలుస్తుంది. ఆ పట్టీ మీద ఎర్ర గీత ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. మనకది అలంకారం. గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్ళకు ఈ మందు వద్దని ఐరోపా నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది, గుండెపోటు ముప్పు పెంచుతుంది కనుక. మన దేశంలో పశువులకు ఇది ఇవ్వకూడదని 2006లో నిషేధం వచ్చింది. ఈ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చాయి మరి. రాబందుల గోడు విన్నవాళ్ళున్నారు, పెద్దాయన గోడే ఎవరికీ పట్టలేదు. బీపీకి, నీరు పోవడానికి మందులు వాడేవారి కిడ్నీలకూ ఈ జాతి మాత్రలతో ముప్పే.

ఇక మిగిలింది పారాసెటమాల్. ఇది ఆ మూడింటి జాతి కాదు, కడుపును, ప్లేట్‌లెట్లను పెద్దగా కదపదు. అందుకే ఏ మందులోనైనా దూరిపోతుంది. పెద్దాయనకు జలుబు, జ్వరం వచ్చాయి. డోలో 650 రోజుకు నాలుగు: 2600 మిల్లీగ్రాములు. మోకాళ్ళకు మళ్ళీ కాంబిఫ్లామ్ మూడు: 975. జలుబు బిళ్ళలో 500 ఉందనుకుందాం, మూడుసార్లు: 1500. మొత్తం 5075. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కూడా రోజుకు 4000 దాటకూడదు. మద్యం అలవాటున్నా, బక్కచిక్కినా హద్దు ఇంకా తక్కువ. దాటితే కాలేయం దెబ్బతింటుంది. చిక్కేమిటంటే మొదటిరోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. విరుగుడు ఎసిటైల్ సిస్టీన్ ఉంది, కాని అది బాగా పనిచేసేది మొదటి గంటల్లోనే, ఏమీ తెలియని ఆ గంటల్లోనే.

ఇదంతా వానాకాలం కూడా అయితే శాస్త్రం పరిపూర్ణమవుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు అసలే పడిపోతుంటాయి. ఏ జ్వరమో తేలకముందే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, తలనొప్పికి నీళ్ళలో కరిగే ఆస్పిరిన్ పడితే రక్తస్రావానికి దారి తీసినట్టే. ఏ జ్వరమో తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే, అదీ లెక్కతో. స్టెంట్ ఉన్నాయన ఆస్పిరిన్ ఆపాలా వద్దా అన్నది మాత్రం డాక్టరే తేల్చాలి, బావమరిది కాదు. వైరల్ జ్వరమున్న పిల్లలకు ఆస్పిరిన్ అసలే కూడదు, అరుదుగానైనా మెదడు, కాలేయం కుప్పకూలే రేయ్ సిండ్రోమ్ వస్తుంది.

పట్టీ వెనక్కి తిప్పితే పెద్ద బ్రాండు పేరు కింద అసలు మందు పేరు, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. రెండు పేర్లుంటే రెండు మందులు. ముక్క చేతిలో పెడితే "పేరు, తేదీ కనబడేలా కత్తిరించవయ్యా" అని ఒకసారి అడిగి చూడండి. క్యూలో వెనకున్నాయన విసుక్కుంటాడు: "అన్నీ ఒకటే కదండీ, త్వరగా కానివ్వండి."