కోత మాది, లెక్క మీది

మన దేశంలో జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంది. దానికి ప్రకటన పడదు, పరీక్ష ఉండదు, సిఫార్సూ అక్కర్లేదు. మీకు జీతమిచ్చే ఆఫీసుకీ, మీ డిపాజిట్ దాచిన బ్యాంకుకీ, ఆఖరికి మీ ఇంట్లో అద్దెకుండే అమ్మాయికీ ఆ ఉద్యోగం ఇచ్చేశారు. మీ డబ్బు మీ చేతికి రాకముందే పన్ను కోసి సర్కారుకు కట్టడమే వాళ్ల పని. కోయకపోతే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది కాబట్టి కోతలో ఎవరూ మొహమాటపడరు. దీని పేరు టీడీఎస్.

మా వీధి మాస్టారి సంగతి చూడండి. తెలుగు పండితులుగా రిటైరయ్యారు. నెలకు నలభై వేల పెన్షన్. ఒక బ్యాంకులో నలభై లక్షల డిపాజిట్, దాని మీద ఏడాదికి మూడు లక్షల వడ్డీ. కొడుకు కొని ఆయన పేరున పెట్టిన హైదరాబాదు ఫ్లాట్ మీద నెలకు 55 వేల అద్దె. మనం చూసేది 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి అది ఆఖరి ఏడాది. పోతూ పోతూ అది మాస్టారిని పలకరించే పోయింది.

పెన్షన్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ గొడవ లేదు. చట్టం దృష్టిలో పెన్షన్ కూడా జీతమే. జీతమిచ్చేవాళ్లు గుడ్డిగా పదో పరకో కోయరు. ఏడాది మొత్తానికి ఆదాయం అంచనా వేసి, మినహాయింపులు తీసేసి, పడే పన్నును నెలలకు పంచి కోస్తారు. అందుకే ఉద్యోగులకు సాధారణంగా కోత అసలు పన్నుకు దగ్గరగానే ఉంటుంది. పాత పద్ధతి ఎంచుకుని, జనవరిలో అడిగిన ఎల్ఐసీ రసీదులూ ఇంటద్దె కాగితాలూ ఇవ్వని వాళ్లకు మాత్రం ఫిబ్రవరి, మార్చి జీతాలు బక్కచిక్కి వస్తాయి. మాస్టారి పెన్షన్ 4,80,000లో 75 వేల ప్రామాణిక మినహాయింపు పోతే మిగిలేది 4,05,000. దీని మీద పన్ను పడదని ట్రెజరీ లెక్కేసి, ఒక్క రూపాయి కూడా కోయకుండా వదిలేసింది.

బ్యాంకుకు అంత ఓపిక లేదు. ఆయన మొత్తం ఆదాయమెంతో దానికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అరవై దాటిన వారికి ఏడాది వడ్డీ లక్ష దాటితే పది శాతం కోయాలి, అంతే. మిగతావారికి ఆ గీత యాభై వేల దగ్గర ఉంది. లక్ష దాటిన ముక్క మీదే కోస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, గీత దాటితే మొత్తం వడ్డీ మీదా కోత పడుతుంది. మాస్టారి మూడు లక్షల మీద ముప్పై వేలు పోయాయి. పాన్ ఇవ్వని ఖాతా అయితే పది కాదు, ఇరవై శాతం పోయేది.

ఆయన కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగారు.

"ఏమయ్యా, నాకు పన్నే పడదంటున్నారే, మరి ఇదేమిటి?"

"ఏప్రిల్‌లో 15హెచ్ ఫారం ఇచ్చారా మాస్టారూ?"

"ఎవరూ చెప్పలేదే!"

"అది మీరే ఇవ్వాలండీ. ఇప్పుడిస్తే ఇక ముందు కోయం. కోసింది మాత్రం మా చేతిలో లేదు, డిపార్ట్‌మెంటుకు వెళ్లిపోయింది."

ఆ కుర్రాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఏడాది మొత్తం ఆదాయం మీద నికరంగా పన్ను పడని పెద్దవాళ్లు 15హెచ్ ఇస్తే బ్యాంకు కోత ఆపుతుంది. అది ఏటా ఇవ్వాలి, ప్రతి బ్యాంకుకూ విడిగా ఇవ్వాలి. డిపాజిట్ అదే, మనిషి అదే, వయసు మాత్రం ఏడాది పెరిగింది. అయినా ఈయన ముసలివాడేనని మళ్లీ కొత్తగా రాసివ్వాలి.

ఇక అద్దె. ఫ్లాట్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి పదకొండు నెలలూ టంచనుగా 55 వేలు పంపింది. మార్చిలో 41,800 వచ్చింది. మాస్టారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఏదైనా ఇబ్బందా? పదమూడు వేలు తక్కువ పంపావు."

"ఇబ్బందేం లేదు అంకుల్, టీడీఎస్ కోశాను."

నెలకు యాభై వేలు దాటిన అద్దె కట్టే మామూలు ఉద్యోగి కూడా రెండు శాతం కోయాలి. అదీ నెలనెలా కాదు, ఏడాదికొకసారి, మార్చిలోనో ఇల్లు ఖాళీ చేసే నెలలోనో. ఏడాది అద్దె 6,60,000, దాని మీద రెండు శాతం 13,200. ఆ అమ్మాయి 26క్యూసీ అనే ఫారంతో నెలాఖరు నుంచి ముప్పై రోజుల్లో కట్టేసి, ఆ తర్వాత 16సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ కోతకు 15హెచ్ చెల్లదు. మాస్టారి అద్దెలో ముప్పై శాతాన్ని మరమ్మతుల పేర చట్టమే వదిలేస్తుంది, పన్నుకు వచ్చేది 4,62,000 మాత్రమే. అద్దెకున్నవాళ్లు కోసేది మాత్రం పూర్తి అద్దె మీద.

ముగ్గురూ తలో గదిలో కూర్చుని ఒకే మనిషికి చొక్కా కుట్టినట్టుంది వ్యవహారం. ముక్కలు కలిపి చూసే పని మాస్టారిదే. 4,05,000, మూడు లక్షలు, 4,62,000 కలిపితే 11,67,000. కొత్త పద్ధతి శ్లాబుల ప్రకారం పన్ను 56,700. కానీ పన్నెండు లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి అది సున్నా అవుతుంది. అంటే సున్నా పన్ను కట్టాల్సిన మనిషి దగ్గర 43,200 ముందే కోశారు.

దాన్ని తిరిగి ఇవ్వడానికి సర్కారుకు అభ్యంతరమేమీ లేదు. అడగాలి, అంతే. అడగడమంటే రిటర్ను వేయడం. "పన్నే లేనప్పుడు రిటర్నెందుకు?" అని కూర్చుంటే ఆ 43,200 అక్కడే హాయిగా ఉంటుంది, ఎవరూ వెతుక్కుంటూ వచ్చి ఇవ్వరు.

రిటర్ను వేసే ముందు పోర్టల్‌లో 26ఏఎస్ తీసి చూడాలి. మన పాన్ మీద ఎవరెంత కోసి కట్టారో అందులో ఉంటుంది. మాస్టారి 26ఏఎస్‌లో ముప్పై వేలే కనిపించాయి. అద్దె తాలూకు 13,200 లేదు. ఆరా తీస్తే, ఆ అమ్మాయి 26క్యూసీలో పాన్ అక్షరం ఒకటి తప్పు కొట్టింది. డబ్బు సర్కారుకు చేరింది, మాస్టారి పేరున కాదు. చేతిలో బ్యాంకు రసీదుందని రిటర్నులో 43,200 చూపించినా, బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రం 26ఏఎస్‌లో కనిపించిన ముప్పై వేలకే ఒప్పుకుంటుంది. ముందు ఆ అమ్మాయి ట్రేసెస్ పోర్టల్‌లో దిద్దుబాటు పెట్టాలి. అది మాస్టారు పెట్టగలిగేది కాదు. ఆమెకు రోజూ ఫోన్ చేయడం వరకే ఆయన హక్కు.

దిద్దుబాటు అయ్యాక రిటర్ను వేశారు, ఇక పనైపోయిందని కాఫీ తాగబోయారు. మనవరాలు ఆపింది. ముప్పై రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో మరో దారిలోనో ధ్రువీకరించకపోతే ఆ రిటర్ను వేయనట్టేనట. రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాను కూడా పోర్టల్‌లో ముందే సరిచూపించాలి. పాన్‌లో పూర్తి పేరూ, పాసుబుక్కులో పొడి అక్షరాలూ ఉంటే రెండూ ఒకరేనని పోర్టల్ నమ్మకపోవచ్చు. నలభై ఏళ్లు పిల్లల పేర్లు హాజరు పట్టీలో రాసిన మాస్టారికి సొంత పేరు రుజువు చేసుకునే వంతు వచ్చింది.

సర్కారుది మరీ రాతిగుండె కాదు లెండి. గడువులోపు రిటర్ను వేస్తే ఏప్రిల్ ఒకటి నుంచి నెలకు అర శాతం చొప్పున వడ్డీ కలిపి ఇస్తుంది. ఆగస్టులో వచ్చిందనుకుంటే అయిదు నెలలకు 1,080 రూపాయలు. ఆ 1,080ని మాత్రం మాస్టారు మర్చిపోకుండా వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి. అది కూడా పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే.