కొక్కొరోకోకు తప్పు మార్కు

మేడ్చల్ నుండి శామీర్‌పేట చెరువు దాకా, ఒకనాడు ద్రాక్షతోటలుండిన నేలమీద నేడు వెలసిన కాలనీలలో, మలుపు మలుపునకు ఒక్కొక్క శిశువిద్యాలయమును తెరచి, మూడేండ్లు నిండీ నిండని పసివారికి పశుపక్ష్యాదుల భాషలయందు పాండిత్యము గరపుచున్న మహనీయులను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పునట్లు లేదు. గోడమీద రంగుల పటము, పటముముందు టీచరమ్మ, ఆమె చేత బెత్తమునకు బదులు మీట నొక్కిన కూయు ప్లాస్టిక్ బొమ్మ. కోడి ఏమనునని ఆమె ఇంగ్లీషున అడుగును. నాయనమ్మ ఒడిలో నేర్చిన విద్యను నమ్ముకొని ఒక బుడతడు "కొక్కొరోకో" అనును. "నో! కాకడూడుల్డూ" అని దిద్దుబాటు జరుగును. ప్రహరీగోడ కావల, పాత ఊరిలో, ఎవరి పెరటి నాటుకోడిపుంజో ఆ క్షణముననే మెడ సాచి తన మాట తాను చెప్పుకొని పోవును గాని, దానిని సాక్షిగా పిలుచు ఆచారము ఆ పాఠశాలలో లేదు.

ఇందు దాగియున్న సిద్ధాంతమేమనగా, కోడి అసలు కూత ఇంగ్లీషు కూతయే యనియు, తక్కిన జాతులవారు చెవులు సరిగా లేక దానిని పాడుచేసికొన్నారనియు. ఆ లెక్కన ఫ్రాన్సు పుంజు కొకోరికో యనుటయు, జర్మనీ పుంజు కికెరికీ యనుటయు, జపాను పుంజు కొకెకొక్కో యనుటయు, హిందీ సీమలోని పుంజు కుక్డూకూ యనుటయు క్షమింపరాని అపరాధములే. అయితే ఏ దేశపు పుంజునకైనను పెదవులు లేవు, పండ్లు లేవు, అంగిలిని తాకి అక్షరములను చెక్కు మన వంటి నాలుకయు లేదు. దాని నాదము పుట్టు చోటు మనకువలె గొంతు పైభాగమున గాక, ఊపిరిగొట్టము రెండుగా చీలు సందున, రొమ్ములోపల నున్నది. అట్టి యంత్రమునకు కకారమెక్కడిది, డకారమెక్కడిది? దానికి గలదెల్లను ఒక లయ మాత్రమే: తటాలున మొదలై, సుమారు నాలుగు విరుపులుగా విరిగి, తుదకు సాగదీయబడు ఒక నాదము. ఆ తటాలున లేచుటను చూపుటకై ఈ జాతులన్నియు కకారమును పెట్టుకొన్నవి. నడుమ భాగమును మాత్రము ఎవరి నోటికి అలవడిన అక్షరములతో వారు నింపుకొనిరి. మనవారు రేఫతో నింపిరి, ఆంగ్లేయులు డకారములతో కూరిరి. మన కూతను గణవిభజన చేసి చూచినచో 'కొక్కొరో' అనునది నిర్దుష్టమైన రగణము, దానిపైన ఒక గురువు. పుంజునకు ఛందస్సు తెలియునని దీనివలన ఎవరైన వాదించినచో నాకు అభ్యంతరము లేదు. కాకడూడుల్డూ వారు ఇంతకంటె బలమైన సాక్ష్యము తెచ్చినవారు కారు.

ఈ మాట విని మాతృభాషాభిమానులు చంకలు గుద్దుకొనుటకు సిద్ధపడుచున్నారేమో, కొంచెము ఆగవలెను. వారి గోడమీద మరియొక పటము గలదు. అందు కుక్క 'భౌ భౌ' అనును, ఆవు 'అంబా' అనును. ఇవి జంతువుల నోటినుండి యథాతథముగా దిగినవని వారి నమ్మకము. కాని చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50 వర్ణములనియు, తెలుగునకు 36 వర్ణములనియు లెక్క తేల్చెను. ఆ 36లో భకారము లేదు. కాగా మేడ్చల్ బస్టాండు వెనుక తిరుగు వీధికుక్క అచ్చతెలుగు మరచి, దేవభాషనుండి ఎరవు తెచ్చిన మహాప్రాణముతో మొరుగుచున్నదన్నమాట! తమిళుల కుక్క 'లొళ్ లొళ్' అని ద్రావిడమర్యాదను నిలుపుకొన్నది. చెడినది మన కుక్కయే.

పరిహాసము కట్టిపెట్టి కారణము విచారింతము. కుక్క నోరు తెరచుటయు నాదము వెలువడుటయు ఒక్కసారిగా జరుగును. మనిషి నోరు తెరచుచునే పుట్టింపగల హల్లులు పెదవులవి గనుక, పెక్కు భాషలలో కుక్క పాలికి బకార భకార వకారములు పడినవి. ఊపిరి విసురును కూడ చూపబోయి మనవారు ఒత్తు తగిలించిరి. ఆవు సంగతి ఇంతకంటె ముచ్చటయైనది. దూడ చెంతనున్నప్పుడు ఆవు నోరు మూసికొనియే మెల్లగా మూలుగును; దూడ కనబడకపోయినచో నోరు తెరచి బిగ్గరగా అరచును. ఇంగ్లీషు 'మూ' మొదటి దానికి దగ్గర. మన 'అంబా'లో మూసిన నోటి అనునాసికమును, ఆ పిదప పెదవులు విడివడి నోరు తెరచుకొనుటయు రెండును గలవు. కావున దూడను పాకలోనికి తోలి పాలు పిండుకొను ఇండ్లలో ఏ కూత నిలిచియుండునో ఊహించుట కష్టము కాదు. ఆవు సంస్కృతమున 'అమ్మా' యని పిలుచుచున్నదని పురాణము చెప్పువారికి ఇది రుచింపకపోవచ్చును. పిల్లి విషయమున మాత్రము లోకము ఇంచుమించు ఏకమతమునకు వచ్చినది, ఏలయన మూసి, తెరచి, మరల మూయు నోటితో పిల్లియే మకార వకారములను మనకు అందించుచున్నది.

తగవు క్రొత్తది కాదు. యాస్కుడు నిరుక్తమున కాకి పేరు దాని కూతకు అనుకరణమే యనియు, పక్షుల పేర్లలో ఇట్టివి తరచుగా కానవచ్చుననియు చెప్పి, ఆ వెంటనే, శబ్దానుకరణమనునది అసలే లేదన్న ఔపమన్యవుని మతమును గూడ ఉదాహరించెను. ఇరువురి మాటయు గ్రంథమున నిలిచినది. ఎవరికిని తప్పు మార్కు పడలేదు. పాణినీయశిక్షలోనైతే పాలపిట్ట పలుకు ఒక మాత్ర, కాకి కూత రెండు, నెమలి కేక మూడు, ముంగిస శబ్దము అరమాత్ర అని కొలతలున్నవి. ఆ పెద్దలు జంతువుల కూతను మానికగా పెట్టుకొని మనిషి అక్షరమును కొలిచిరి. మనము మనిషి అక్షరమును, అందును పరదేశపు అక్షరమును, మానికగా పెట్టి జంతువును కొలిచి, సరిపోనప్పుడు పిల్లవానికి సున్న వేయుచున్నాము.

ఇక ప్రత్యక్షప్రమాణమునకే పోదమన్నచో ఒక చిక్కు గలదు. ఈ ప్రాంతమున కోళ్లఫారములకు కొదవ లేదు. కాని వేలకొలది బ్రాయిలర్ కోళ్లున్న షెడ్డుముందు తెల్లవార్లు నిలుచున్నను ఒక్క కూతయు వినబడదు. పుంజు గొంతు చక్కగా విచ్చుటకు సుమారు నాలుగు నెలలు పట్టును. బ్రాయిలరునకు ఆరు వారములకే కత్తి సిద్ధము. గ్రుడ్ల ఫారములలో ఉండునవన్నియు పెట్టలు. ఇట్లు కోడిమాంసము పెరిగి కోడికూత తరిగినచోట, కూత యెట్లుండునో ప్లాస్టిక్ బొమ్మ చెప్పినదే వేదమగుట వింత కాదు.

తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట, రాష్ట్రజంతువు జింక. మొదటిది పాణినీయశిక్ష కెక్కినది. రెండవది శామీర్‌పేట జింకల పార్కులో, బస్సు దిగిన బడిపిల్లల కన్నులయెదుటనే మేయుచుండును. నేను చూచిన పటములలో పాలపిట్టకు బొమ్మయే లేదు. జింకకు బొమ్మ గలదు, కూత లేదు. చుక్కల జింక అపాయమును పసిగట్టినచో ముందుకాలు నేలకు తాటించి, చెవులు గింగురుమనునట్లు తీక్ష్ణమైన ఒక్క కేక పెట్టును. మదకాలమున మగజింక బొంగురుగొంతుతో రంకె వేయును. ఇంగ్లీషువారి శిశుగీతములలో దీనికి అక్షరములు సమకూరలేదు కాబోలు, మన పటమున కూత గడిలో ఒక అడ్డగీత గీయబడినది. పార్కు చూచి వచ్చిన మరునాడు, జింక ఏమనునని అడిగినప్పుడు, ఏమియు అనదని అప్పగించిన వారందరికిని నూటికి నూరు మార్కులు.