టైఫాయిడ్ అని రాసిన సెలవు చీటీ

మా రోజుల్లో సెలవంటే జ్వరం. జ్వరం కాకపోతే పెళ్ళి, పెళ్ళి కాకపోతే చావు. ఈ మూడూ కాక మనిషికి ఇంకో కష్టం ఉంటుందంటే మా హెడ్‌గుమస్తా ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడో, మనసు బాగోలేదని సెలవట! మొన్న గుడివాడలో మా మేనల్లుడి ఆఫీసుకెళ్ళి బెంచీ మీద కూర్చుని ఈ మాట నా చెవులారా విన్నాను.

వాడి కింద పన్నెండు మంది. పొద్దున్నే అందర్నీ పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడాడు. "రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, తెలిసిన లెక్కే మూడుసార్లు కూడుతున్నా పీకల మీదికి వచ్చేదాకా ఆగకండి. ఒంట్లో బాగోలేదంటే చాలు, ఏ జబ్బని నేనడగను. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, నాకే ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజులైతే సీఎల్. ఎక్కువైతే సర్టిఫికెట్టుతో సిక్ లీవ్. మానసిక వైద్యుడిచ్చినా అది సర్టిఫికెట్టే. తిరిగొచ్చిన వాళ్ళ చుట్టూ ఎవరూ మూగొద్దు."

వెనక నుంచి ఒకమ్మాయి, "ఇంక్రిమెంటుకి అడ్డమొస్తుందా సార్?" అంది. "నా రిపోర్టులో రాయను. పైవాళ్ళ తరఫున మాటివ్వలేను" అన్నాడు. కాస్త ఆగి, "పోయినేడు నేను పెట్టిన పది రోజులూ ఈ సెలవే" అన్నాడు. నాకు తెలీదు. వాళ్ళమ్మకీ తెలుసో లేదో.

వీళ్ళకి అన్నీ సుకుమారాలే అని సణుగుదామనుకున్నాను. నోరు రాలేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను అవనిగడ్డలో గుమస్తాని. మరుసటేడు కార్తీకంలో గాలి రివ్వుమంటే చాలు, కలం చేతిలో నిలిచేది కాదు. రాత్రిళ్ళు లేచి, నీళ్ళొచ్చాయేమోనని గడప తడిమేవాణ్ణి. పిచ్చి అంటారని మా నాన్న డాక్టరు కాళ్ళావేళ్ళా పడి టైఫాయిడని రాయించాడు. ఇరవై ఒక్క రోజులు. అమ్మ టైఫాయిడ్ పథ్యమే పెట్టింది. నిద్రకి మాత్రం మందిచ్చినవాడు లేడు. తిరిగెళితే హెడ్‌గుమస్తా, "టైఫాయిడొచ్చినా చిక్కలేదేమిటోయ్?" అన్నాడు. ఆ ఏడంతా అబద్ధాన్ని కాపాడుకోవడమే ఓ ఉద్యోగమైంది.

మన దేశంలో మనసు కోసమని విడిగా సెలవు చట్టమేదీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యంలోనూ బీమాలోనూ మనసు జబ్బుని ఒంటి జబ్బుతో సమానంగా చూడమంది గానీ, సెలవు మాత్రం ఉన్న సీఎల్ లోంచో సిక్ లీవ్ లోంచో తీసుకోవాల్సిందే. అందుకే మావాడి మాట పనికొచ్చింది. సెలవు పాతదే, అబద్ధం తీసేశాడు.

వాళ్ళ భోజనాల గదిలో 14416 అని కాగితం అంటించి ఉంది. టెలీ మానస్ అట, రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారట, తెలుగులోనే. బందరు బస్సెక్కే ముందు ఆ నంబరు టిక్కెట్టు వెనక రాసుకున్నాను. కార్తీకం ఇంకెంతో దూరం లేదు.