మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా?

మార్చి నెలాఖరులో అకౌంటెంటును పలకరించకూడదు. ‘బాగున్నారా’ అన్నా ‘బిల్లున్నదా’ అనే వినిపిస్తుంది.

మా హోల్‌సేల్ కొట్టుకు ఇప్పుడు బిల్లులన్నీ ఫొటోలుగానే వస్తున్నాయి. ఒకదాని మీద గుమస్తా బొటనవేలు, ఇంకోదాని మీద టీ మరక. సాఫ్ట్‌వేర్ వాటిని చదివి పద్దుల్లోకి ఎక్కిస్తుంది. అంకెలు చదవడంలో దానికి వంక పెట్టలేం. కానీ 04/03/2025 కనబడగానే అమెరికా పద్ధతిలో నెల ముందనుకుని ఏప్రిల్ 3 వేసేస్తుంది. మనకది మార్చి 4. నెల తేడాయే కదా అంటారేమో, ఆ మధ్యలోనే మార్చి 31 ఉంది! 18,000 రూపాయల అట్టపెట్టెల బిల్లు గోడ దూకి కొత్త ఏడాదిలో పడింది. పాత ఏడాది లాభం అంతమేరా పెరిగింది. మా యజమాని సంతోషించారు, దాని మీద పన్ను కట్టాలని చెప్పేదాకా.

తేదీ పన్నెండు దాటితే ఈ గొడవ లేదు. పదమూడో నెలను అమెరికా వాళ్లూ కనిపెట్టలేదు. పన్నెండు లోపల ఉంటే మాత్రం నేను బిల్లు నంబరు చూస్తాను. జీఎస్టీ బిల్లుల నంబర్లు వరుసగా నడవాలి. చాలామంది ఏప్రిల్ 1న మళ్లీ ఒకటితో మొదలెడతారు. అట్టపెట్టెలాయన ఫిబ్రవరి 27 బిల్లు 412, మార్చి 12ది 431. మనదేమో 419. ఇక అది ఏప్రిల్‌దని ఎవరు ఒట్టేసినా నేను నమ్మను.

తేదీ సరిగ్గా చదివినా తంటా తప్పని బిల్లులు వేరే ఉన్నాయి. సెక్యూరిటీ ఏజెన్సీ బిల్లు ఏప్రిల్ 5న వచ్చింది, జీఎస్టీ కాక 42,000.

“ఏప్రిల్ బిల్లు ఏప్రిల్‌లోనే రాయవయ్యా,” అన్నారు యజమాని.

“కాపలా కాసింది మార్చిలో కదండీ!”

అందుకే మార్చి 31 తేదీతో 42,000 ప్రొవిజన్ రాసి, ఏప్రిల్ 1న రివర్స్ చేశాను. రివర్స్ మరిస్తే అసలు బిల్లు ఎక్కించినప్పుడు ఒకే కాపలాకు రెండు ఖర్చులు పడతాయి. ఇంతాచేస్తే జీఎస్టీ క్రెడిట్ మాత్రం బిల్లు తేదీని బట్టి కొత్త ఏడాదికే. ఖర్చు ఒక ఏడాదిలో, క్రెడిట్ ఇంకో ఏడాదిలో. ఇది యజమానికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

అసలు మన చేతికే రాని బిల్లుల సంగతో? ఏప్రిల్, మే నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, బయటికి పోయిన ప్రతి రూపాయినీ ‘నువ్వు ఏ నెల పనికి?’ అని నిలదీయాలి. అలా ఏసీ మెకానిక్‌కు ఇచ్చిన 6,500 పట్టుబడింది. పని ఫిబ్రవరిది. బిల్లు యజమాని సొరుగులో ఉంది.

“డబ్బులిచ్చాక చూపిద్దామనుకున్నా,” అన్నారాయన.

ఆ సొరుగు తాళంచెవి ఇప్పుడు నా దగ్గరుంది. మార్చి 15 నుంచి మే నెలాఖరు దాకా.