అప్పు లేనివాడా? అయితే అక్కడే ఆగు!

పాతిక లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, సొంతిల్లు, జన్మలో ఎవరికీ రూపాయి బాకీ పడని చరిత్ర. ఇలాంటి రిటైర్డ్ మాస్టారిని తీసుకెళ్లి సిబిల్ ముందు నిలబెట్టండి. స్కోరు రాదు. ‘చరిత్ర లేదు’ అని వస్తుంది. అరవై ఏళ్ల నిజాయితీని నింపడానికి ఆ ఫారంలో గడే లేదు మరి! ఆయన మనవడు మాత్రం ఫోను ఈఎంఐ, బండి ఈఎంఐ, రెండు కార్డుల బాకీ తేదీ తప్పకుండా కట్టుకుంటూ 780 చూపించి మీసం మెలేస్తాడు. రేపు పెళ్లిచూపుల్లో జాతకంతో పాటు ఈ అంకె కూడా అడిగితే ఆశ్చర్యపోకండి.

300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకె మీ ఆస్తినీ గుణాన్నీ కొలవదు. జీతమెంతో, పీఎఫ్‌లో ఎంతుందో, ఊళ్లో ఎన్నెకరాలున్నాయో దానికి తెలియదు. అవన్నీ అప్పిచ్చేటప్పుడు బ్యాంకు వేరుగా చూసుకుంటుంది. స్కోరు అడిగేది ఒక్కటే: ఈ మనిషికి అప్పిస్తే నెలల తరబడి ఎగ్గొట్టే ప్రమాదమెంత? జవాబు కోసం పాత అప్పులు ఎలా కట్టారో, ఉన్న లిమిట్‌లో ఎంత వాడేశారో, ఖాతాలు ఎంత పాతవో, ఈమధ్య ఎన్నిచోట్ల అప్పడిగారో తిరగేస్తుంది. అందుకే ఇంక్రిమెంట్ వచ్చిందని స్వీట్లు పంచినా స్కోరు కనురెప్ప కూడా కదపదు.

మాదాపూర్‌లో కొత్తగా చేరిన కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. చేతికొచ్చేది 38 వేలు, మొదటి కార్డు లిమిట్ 50 వేలు. పాయింట్ల మీద మోజుతో సరుకులు, పెట్రోలు, స్నేహితులందరి గోవా టికెట్లూ కార్డు మీదే గీకాడు. బాకీ 43 వేలు. స్నేహితులు వాళ్ల వాటాలు పంపేశారు, గడువు రోజున మనవాడు మొత్తం కట్టేశాడు. వడ్డీ పైసా లేదు. స్కోరు మాత్రం పడింది! ‘ఎగ్గొట్టినవాణ్ణి వదిలేసి కట్టినవాణ్ణి కొడతారా?’ అని లబోదిబోమన్నాడు.

జరిగిందేమిటంటే, బ్యాంకు బ్యూరోకి లెక్క పంపిన రోజున కార్డు మీద 43 వేలుంది. అంటే లిమిట్‌లో 86 శాతం. ఆ తర్వాత కట్టాడన్న సంగతి ఆ లెక్కలో లేదు. పీకల్దాకా వాడేసినవాడు రేపు మునిగిపోతాడని స్కోరు అనుమానం. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి ఈ లెక్కలు పంపాలి కాబట్టి గడువు తేదీ కోసం కూర్చోకూడదు. స్నేహితుల డబ్బు వచ్చినప్పుడే 33 వేలు కట్టేస్తే మిగిలేది పదివేలు, 20 శాతం. పాత బకాయి మచ్చలు లేకపోతే, తర్వాతి ఒకటి రెండు లెక్కల్లోనే స్కోరు తేరుకుంటుంది. కొత్తవాళ్ల చేతిలో ఇంత త్వరగా తిరిగే మర మరొకటి లేదు. 30 శాతం దాటొద్దని అందరూ చెప్పేది చట్టమేమీ కాదు, ఎంత తక్కువైతే అంత మేలు.

కిందికి లాగే మర ఇంకా చురుకైనది. తొమ్మిది వందల బిల్లు మర్చిపోయినా చాలు. గడువు దాటాక మూడు రోజుల వరకు కార్డు కంపెనీ దాన్ని బకాయిగా నివేదించకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. ఆపైన రికార్డుకెక్కితే ఆ మచ్చ మూడేళ్ల నెలవారీ పట్టికలో కూర్చుంటుంది. అందుకని ఆటోపే పెట్టుకోండి, మొత్తం బిల్లుకే పెట్టుకోండి. ‘కనీస మొత్తం’ అన్న దయగల గడి ఒకటుంటుంది. బిల్లులో ఐదు శాతం లాంటిదేదో కడితే రికార్డు శుభ్రంగానే ఉంటుంది. మిగతా బాకీ మీద మాత్రం చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం పైనే, అంటే ఏడాదికి 42 శాతం పైనే వడ్డీ నడుస్తుంది. కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని రోజులు కూడా పోతాయి. మీరు మునుగుతున్నా తేదీకి ఆ కాస్త విదిలిస్తే స్కోరు దృష్టిలో బకాయి లేనివారే. స్కోరు ఎవరి మేలు కోరి పుట్టిందో ఇక్కడ తెలిసిపోతుంది.

అసలు చరిత్రే లేని కుర్రాళ్లకు ఇంకో తమాషా. చరిత్ర లేదని కార్డివ్వరు, కార్డు లేదని చరిత్ర రాదు. దారి ఒకటుంది: ఓ ఇరవై వేలు డిపాజిట్ చేసి దాని మీద కార్డు తీసుకోవడం. మన డబ్బు తాకట్టు పెట్టి, మన డబ్బే అప్పు తీసుకుని, బుద్ధిమంతులమని నిరూపించుకోవాలన్నమాట. అది చేయలేక ఒకే రాత్రి ఐదు యాప్‌లలో అప్పుకి దరఖాస్తు చేసేవాళ్లున్నారు. ఐదుచోట్లా రిపోర్టు తెరిచి చూస్తారు, ఐదు విచారణలూ నమోదవుతాయి, డబ్బుకి కటకటలాడుతున్నాడని అర్థం చేసుకుంటారు. మీ స్కోరు మీరు చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ప్రతి బ్యూరో నుంచీ ఉచితం.

ఇక ‘ఐదువేలివ్వండి, వారంలో 800’ అనే ఏజెంట్లు. రిపోర్టులో మీది కాని అప్పు కనిపిస్తే సరిచేయమని అడగడానికి పైసా ఖర్చు లేదు. ఫిర్యాదు ముప్పై రోజుల్లో తేల్చకపోతే రోజుకి వంద రూపాయల చొప్పున మీకే పరిహారం ఇవ్వాలి. నిజంగా ఎగ్గొట్టిన బాకీని ఏ ఏజెంటూ చెరపలేడు. ఆ ఐదువేలు మన మాదాపూర్ కుర్రాడు కార్డు బాకీకి కడితే లిమిట్‌లో పది శాతం అక్కడికక్కడే తగ్గుతుంది. కుదరదంటారా, ఏజెంటు గారు క్రెడిట్ కార్డు కూడా తీసుకుంటారు లెండి.