కెటిల్ పురాణం

పారిశ్రామిక విప్లవం మీద మాస్టారు చెప్పిన రెండు గంటల రికార్డింగు కొన్నాళ్లుగా నా చెవుల్లో కాపురం పెట్టింది. పరీక్షలకు చదివే పిల్లల కోసం దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి టైము, పేరు, రెండు వాక్యాల సారాంశం రాయాలట. "ఎంతసేపు బాబాయ్, వింటూ రాసేయడమేగా!" అంది మా అన్నయ్య కూతురు.

41:10 దగ్గర మాస్టారు "ఇక జేమ్స్ వాట్ దగ్గరికి వద్దాం" అంటారు. నమ్మి టైము వేశారో, పిల్లలు కెటిల్లో పడతారు. పొయ్యి మీద కెటిల్, ఎగిరే మూత, కుర్రాణ్ణి తిట్టే పిన్ని. ఆవిరి నుంచి రైలుకి, రైలు నుంచి రైల్లో టీకి, టీ నుంచి అందులో కలిపే నీళ్లకి వెళ్లారు మాస్టారు. ఆ నీళ్లు ఏ స్టేషన్లో పట్టారన్నది కూడా చర్చకు వచ్చింది. ఇంతా చేసి కెటిల్ వట్టి కట్టుకథ! ఆవిరి ఇంజన్ని వాట్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆయన 1736లో పుట్టాడు. న్యూకొమెన్ ఇంజను 1712 నుంచే గనుల్లో నీళ్లు తోడుతోంది.

అసలు సంగతి 52:20కి గానీ రాదు. గ్లాస్గో యూనివర్సిటీలో న్యూకొమెన్ ఇంజను నమూనా బాగుచేస్తూ వాట్ ఒకటి గమనించాడు. ప్రతి విసురుకీ అదే సిలిండర్ని వేడి చేయడం, మళ్లీ చన్నీళ్లు కొట్టి చల్లార్చడం. ఆవిరిలో చాలా భాగం, దాంతోపాటు బొగ్గూ, ఆ సిలిండర్ని మళ్లీ వేడెక్కించడానికే పోతోంది. ఆవిరిని వేరే పాత్రలోకి పంపి అక్కడ చల్లారిస్తే సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుందని 1765లో తట్టింది. 1769లో పేటెంటు వచ్చింది. మాస్టారు దీనికి ఇచ్చింది నిమిషంన్నర. అందుకే టైము 52:20 అని వేసి, "బొగ్గు ఖర్చు ఎలా తగ్గింది?" అని పేరు పెట్టాను. "జేమ్స్ వాట్" అని ఊరుకుంటే ఆ ముక్క ఏ ప్రశ్నకు జవాబో పిల్లలకెలా తెలుస్తుంది?

బట్టల సంగతి మరీ ఘోరం. 1733లో జాన్ కే షటిల్‌తో నేత జోరందుకుంది, నూలు చాలలేదు. 1760లలో హార్‌గ్రీవ్స్ జెన్నీతో వడకడం పెరిగింది. తర్వాత ఆర్క్‌రైట్ యంత్రమూ తోడై నూలు గుట్టలు పడింది. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. మాస్టారు మరమగ్గంతో మొదలెట్టి వెనక్కి నడిచారు. రికార్డింగుని నేను తిరగేయలేను కదా! సారాంశంలో మాత్రం వరస సరిచేసి, ఎవరు ఏ టైములో ఉన్నారో పక్కన రాశాను.

ఆ గొడవలోనే, 1:34:05 దగ్గర, లాంకషైర్ చేమగ్గాల వాళ్ల కూలి పడిపోయిన సంగతి ఒకే వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. వాళ్ల మగ్గాలు ఒక్కరోజులో ఆగలేదు. దశాబ్దాల పాటు తగ్గుతున్న కూలికే నేస్తూ, ఆ కూలి సరిపోక ఇంకా ఎక్కువ గంటలు నేశారు. మా తాతయ్య చీరాలలో మగ్గం మీద కూర్చునేవాడు. ఆయన లెక్క కూడా ఇలాగే ఉండేది.

ఆ వాక్యానికి విడిగా ఒక టైము వేశాను. "ఇది పరీక్షకొస్తుందా బాబాయ్?" అంది పిల్ల. రాదనే చెప్పాను.